ఎనిమిదేళ్ల పిల్లవాడికి కీబోర్డా, గిటారా? తక్కువ ధరలో శ్రుతి నిలిచేవి ఏవి?

గౌతమీతీరం (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. మా అబ్బాయికి గత నెలలో ఎనిమిదేళ్లు నిండాయి, ఎత్తు 124 సెంటీమీటర్లు. మా ఆడపడుచు కొడుకు ఇంజనీరింగ్‌లో చేరిన కొత్తలో ఆన్‌లైన్‌లో కొని, రెండు నెలలు వాయించి అటక మీద పెట్టేసిన 38 అంగుళాల స్టీలు తీగల గిటారు ఒకటి మా ఇంటికి చేరింది. మా వీధి చివర ఒక మాస్టారు వారానికి రెండు రోజులు గిటారూ కీబోర్డూ రెండూ నేర్పుతారు. పిల్లవాడు ఆరు వారాలుగా వెళ్తున్నాడు కానీ, ప్రతి తరగతిలోనూ మొదటి పది నిమిషాలు ఆ గిటారును శ్రుతి చేయడానికే సరిపోతున్నాయి. ఇంటికి వచ్చి వాయిస్తే మళ్లీ అపస్వరంగానే వినిపిస్తుంది. మాస్టారు విసిగిపోయి, "ఇది నిలవదమ్మా, కొత్తది కొనండి, లేదంటే కీబోర్డుకు మార్చేయండి" అన్నారు.

మేము పది వేల రూపాయల దాకా పెట్టగలం. ఈ వయసుకు కీబోర్డు మంచిదా, గిటారు మంచిదా? గిటారే అయితే ఆ ధరలో శ్రుతి నిలిచే బ్రాండ్లు ఏవి? పిల్లవాడిని అడిగితే గిటారే అంటున్నాడు, కానీ వాడి మాట మీద పది వేలు పెట్టడానికి మా వారు వెనకాడుతున్నారు.

విశాఖ_ప్రసాదు

గౌతమీతీరం గారూ, మీరు కొత్త గిటారు కొననవసరం లేదు. చవక గిటార్లకు వెనుక పళ్లు కనిపించే రకం ట్యూనింగ్ కీలు వస్తాయి, అవే జారిపోతుంటాయి. మూత వేసిన డైకాస్ట్ కీల సెట్టు కొని బిగించుకుంటే మీ సమస్య తీరిపోతుంది. నేను కాలేజీ రోజుల్లో నా గిటారుకు అలాగే మార్పించాను, ఆ తరువాత ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. శ్రుతి నిలవడం అంటే కీల నాణ్యతే, మిగిలినవన్నీ అమ్మేవాళ్ల కబుర్లు.

తీగలపని (సికింద్రాబాద్)

ప్రసాదు గారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. నేను 19 ఏళ్లుగా గిటార్లు, మాండొలిన్లు, వయొలిన్లు మరమ్మతు చేస్తున్నాను. "శ్రుతి నిలవడం లేదు" అని నా బల్ల మీదికి వచ్చే గిటార్లలో కీలు మార్చవలసినవి చాలా తక్కువ. గిటారు కీలో మరచుట్టు ఉన్న కడ్డీ పళ్లచక్రాన్ని తిప్పుతుంది గాని, చక్రం ఎంత లాగినా కడ్డీని వెనక్కు తిప్పలేదు. అందువల్ల పళ్లు అరిగిపోతే తప్ప తీగ లాగుడుకు కీ తనంతట తాను వెనక్కు తిరగదు. పట్టే వదులు సాధారణంగా కీని చెక్కకు బిగించిన స్క్రూలలోనో, తీగ దూరే కడ్డీ చుట్టూ ఉన్న బుష్‌లోనో ఉంటుంది. అది చిన్న స్క్రూడ్రైవరుతో బిగించుకునే పని. ప్రసాదు గారి గిటారు కీలు మార్చాక బాగుపడి ఉండవచ్చు, కానీ ఆ పనిలో తీగలు కూడా కొత్తవి వేసి, సరిగ్గా చుట్టి ఉంటారు. బాగుపడ్డది దేనివల్లో ఇప్పుడు చెప్పలేము.

గౌతమీతీరం గారూ, కొనడం గురించి తరువాత మాట్లాడుకుందాం. ముందుగా మీ గిటారుకు ఉన్న జబ్బు ఏమిటో తేల్చుకోవాలి, లేకపోతే కొత్తదానిలోనూ అదే జబ్బు కొని తెచ్చుకుంటారు. శ్రుతి చేసిన ఖాళీ తీగ కాసేపటికే దిగిపోవడం ఒకటి. ఖాళీ తీగలన్నీ సరిగ్గానే ఉండి, మెట్టు మీద వేలు పెట్టగానే స్వరం పైకి పోవడం మరొకటి. చెవికి రెండూ అపస్వరంగానే వినిపిస్తాయి గనుక జనం రెండింటికీ ఒకటే పేరు పెడతారు, కానీ ఒకదాని మందు మరొకదానికి పనిచేయదు.

ఫోనులో సెంట్లు చూపించే ట్యూనర్ యాప్ ఏదైనా పెట్టుకోండి. పక్కపక్క మెట్ల మధ్య దూరం 100 సెంట్లు అనుకుంటే, పది సెంట్లు దాటిన తేడాను మామూలు చెవి కూడా పట్టుకుంటుంది. ఫ్యాను, టీవీ ఆపి ఆరు తీగలనూ శ్రుతి చేయండి. శ్రుతి ఎక్కువైతే దించి అక్కడే ఆపకుండా, ఇంకా కిందికి దించి మళ్లీ పైకి తెచ్చుకుంటూ ఆగండి, లేకపోతే కీలో మిగిలిన వదులును తీగ కాసేపట్లో తినేస్తుంది. పిల్లవాడి చేత పది నిమిషాలు వాయించి, ఖాళీ తీగలు ఎంత దిగాయో రాసుకోండి. తరువాత ఒక్కొక్క తీగనూ మొదటి మెట్టు దగ్గర, పన్నెండో మెట్టు దగ్గర మామూలుగా నొక్కి, యాప్ ఎంత ఎక్కువ చూపిస్తుందో చూడండి. చివరగా, తీగను మూడో మెట్టు దగ్గర నొక్కిపట్టి, మొదటి మెట్టు మీద తీగ కింద ఎంత సందు ఉందో గమనించండి. అక్కడ పలచని కాగితం మాత్రమే దూరాలి. నాలుగు సంగతులూ ఇక్కడ రాయండి.

వీణావాదిని66 (తెనాలి)

మీ చర్చ చదివి నాకు తోచినది చెబుతున్నాను. పిల్లవాడికి సంగీతం నేర్పించాలంటే ముందు స్వరజ్ఞానం కావాలి. కీబోర్డు మీద గమకం పలకదు, గిటారు మీద పలికించవచ్చు గాని అది ఎనిమిదేళ్ల పిల్లల వేళ్లకు సాధ్యమయ్యే పని కాదు. వీణకు కూడా కొత్త తీగ వేసిన రోజు శ్రుతి నిలవదు, బిరడాను పదిసార్లు తిప్పవలసిందే, అది వాద్యం దోషం కాదు. ఇక కీబోర్డుకు శ్రుతి ఎప్పుడూ తప్పదని అందరూ అంటారు గాని, నాకు నమ్మకం లేదు. మా మనవరాలి కీబోర్డు రెండేళ్లు బాగానే ఉండి, ఈ మధ్య నా శ్రుతిపెట్టెతో కలవడం మానేసింది. "సి" నొక్కితే నా పెట్టెలో ఒకటిన్నర శ్రుతి పలుకుతోంది. దుకాణంలో చూపిస్తే కొత్తది కొనమన్నారు.

గుంటూరు_కీబోర్డు

వీణావాదిని గారూ, దయచేసి కొత్తది కొనకండి. మీ మనవరాలి కీబోర్డు చెడిపోలేదు. ఎవరో ట్రాన్స్‌పోజ్ మీట నొక్కి ఒక మెట్టు పైకి జరిపారు, అంతే. ఆ మీట నొక్కితే తెర మీద 01 అని కనిపిస్తుంది, దాన్ని 00 చేస్తే మీ ఒకటో శ్రుతి మళ్లీ "సి" దగ్గరికి వచ్చేస్తుంది. నేను ఇరవై ఏళ్లుగా మా చర్చిలో కీబోర్డు వాయిస్తున్నాను. పాడేవాళ్ల గొంతును బట్టి ప్రతి ఆదివారం ఆ మీటతోనే పని, తిరిగి సున్నాకు తేవడం మరిచిపోయి గిటారు వాయించే తమ్ముడితో తిట్లు తిన్న రోజులూ ఉన్నాయి. ఒక మెట్టుకన్నా తక్కువ తేడా వస్తే ట్యూనింగ్ అనే మరో అమరిక ఉంటుంది, అది 440.0 దగ్గర ఉందో లేదో చూడండి. ఈ రెండింటినీ ఎవరూ కదపనంత కాలం చవక కీబోర్డుకూ, లక్ష రూపాయల కీబోర్డుకూ శ్రుతిలో తేడా ఉండదు. స్వరం తీగలోనుంచి కాక చిప్‌లోనుంచి వస్తుంది గనుక, ఎండకూ వానకూ మారదు.

కాబట్టి గౌతమీతీరం గారూ, శ్రుతి బాధ ఒక్కటే కారణమైతే కీబోర్డు కొనేయండి, ఆ గొడవే ఉండదు. అయితే కీబోర్డులో తప్పు కొనుగోలు వేరేచోట జరుగుతుంది. 44 చిన్న మీటలు ఉండే క్యాసియో ఎస్‌ఏ-77 వంటివి పిల్లల చేతికి ముచ్చటగా సరిపోతాయి, కానీ వాటి మీద అలవాటైన వేళ్లు పూర్తి వెడల్పు మీటల మీదికి వచ్చేసరికి దూరాలన్నీ మళ్లీ నేర్చుకోవాలి. 61 పూర్తి మీటలు ఉన్నదే తీసుకోండి. అందులోనూ గట్టిగా నొక్కితే గట్టిగా, మెల్లగా నొక్కితే మెల్లగా పలికే టచ్ ఉన్నదా లేదా అని పెట్టె మీద చదవండి. క్యాసియోలో సీటీ-ఎస్200కు అది లేదు, సీటీ-ఎస్300కు ఉంది. యమహాలో పీఎస్ఆర్-ఈ273కు లేదు, ఈ373కు ఉంది. బయటికి చూస్తే జోడీలు ఒకే రకంగా ఉంటాయి, దుకాణంవారు అడిగితే గాని చెప్పరు. మీ పది వేలలో కొత్తదానికి టచ్ దొరకడం కష్టం, వాడినది దొరికితే అదృష్టమే.

విశాఖ_ప్రసాదు

మొదటి ఏడాది పిల్లవాడికి టచ్ ఎందుకండీ? సరిగమలు వాయించేవాడికి మెల్లగా, గట్టిగా అనే తేడా ఏమి పని? ఆ డబ్బు మిగుల్చుకోవచ్చు.

గుంటూరు_కీబోర్డు

టచ్ లేని కీబోర్డు మీద రెండేళ్లు నేర్చుకుని వచ్చిన పిల్లలను మా చర్చిలో చూశానండీ. మీట అడుగు తాకేదాకా సుత్తితో కొట్టినట్టు నొక్కుతారు, ఎందుకంటే ఎలా నొక్కినా ఒకే మోత వస్తుందని వాళ్ల వేళ్లకు తెలిసిపోయింది. ఆ అలవాటు మాన్పించడానికి మళ్లీ ఏడాది పడుతుంది. మీరు ఒప్పుకోకపోతే మానేయండి, నా అనుభవం నేను చెప్పాను.

గౌతమీతీరం (రాజమహేంద్రవరం)

తీగలపని గారూ, మీరు చెప్పినట్టే నిన్న రాత్రి కూర్చుని చేశాము. మా వారికి కూడా ఆసక్తి కలిగి, వారే పుస్తకంలో రాశారు.

పది నిమిషాల తరువాత ఖాళీ తీగల్లో అయిదు తీగలు మూడు నాలుగు సెంట్లకన్నా దిగలేదు. రెండో తీగ మాత్రం 31 సెంట్లు దిగింది. మొదటి మెట్టు దగ్గర నొక్కితే ఒకటో తీగ 22, రెండో తీగ 18, ఆరో తీగ 27 సెంట్లు ఎక్కువ చూపించాయి. పన్నెండో మెట్టు దగ్గర మాత్రం ఏ తీగా తొమ్మిది దాటలేదు. మూడో మెట్టు నొక్కి చూస్తే, మొదటి మెట్టు మీద కాగితం సరే, మా వారి విజిటింగ్ కార్డు మడత పెట్టి దూర్చినా తగలకుండా వెళ్లిపోయింది. రెండో తీగ కీ దగ్గర టార్చి వేసి చూస్తే తీగ కడ్డీకి ఒక్క చుట్టు కూడా పూర్తిగా లేదు.

ఇంకొక సంగతి. మాస్టారు ప్రతిసారీ శ్రుతి చేసి, కొన్ని స్వరాలు కలిసి మోగే "సి" కార్డు వాయించి, అది బాగాలేదని రెండో తీగను కొంచెం దించుతారు. అప్పుడు "సి" బాగుంటుంది గాని "జి" చెడిపోతుంది. మళ్లీ మొదటికి వస్తారు.

తీగలపని (సికింద్రాబాద్)

చివర్లో మీరు రాసిన ఆ రెండు వాక్యాలలోనే మీ గిటారు కథ మొత్తం ఉంది. "సి" కార్డులో రెండో తీగను మొదటి మెట్టు దగ్గర నొక్కుతారు, పక్కనున్న ఒకటో తీగా, మూడో తీగా ఖాళీగా మోగుతాయి. మీ గిటారులో మొదటి మెట్టు 18 సెంట్లు ఎక్కువ పలుకుతున్నది గనుక ఆ స్వరం తన పొరుగువాళ్ల మధ్య పొడుచుకుని వినిపిస్తుంది. మాస్టారు చెవి సరైనదే, తప్పును పట్టుకున్నది. అయితే వారు ఆ తప్పును కీ తిప్పి దించారు. "జి" కార్డులో అదే రెండో తీగ ఖాళీగా మోగాలి, అందుకని అక్కడ అది 18 సెంట్లు తక్కువ పలికింది. ఈ రెండు కార్డులూ ఒకేసారి కుదిరే శ్రుతి ఆ గిటారులో ఎక్కడా లేదు. మీ పది నిమిషాలు పోతున్నది అక్కడ. శ్రుతి దిగిపోవడం వేరు, శ్రుతి అసలు కుదరకపోవడం వేరు. మీది ప్రధానంగా రెండోది.

కారణం నట్. తలభాగం దగ్గర తీగలు కూర్చునే ఆ తెల్లని ముక్కలో గాడులు లోతుగా కోయలేదు. తీగ మెట్టుకు చాలా ఎత్తున ఉండడం వల్ల వేలితో నొక్కినప్పుడు తీగ వంగి సాగుతుంది, సాగిన తీగ ఎక్కువ పలుకుతుంది. ఫ్యాక్టరీలో గాడులు లోతుగా కోస్తే తీగ మెట్టుకు తగిలి బుర్రుమంటుంది, అప్పుడు గిటారు వెనక్కు వస్తుంది. ఎత్తుగా వదిలేస్తే ఎవరూ వెనక్కు పంపరు, పిల్లవాడి వేలిదే తప్పనుకుంటారు. అందుకే చవక గిటార్లలో నట్ ఎత్తుగా ఉండడమే ఎక్కువగా చూస్తాను. ఎనిమిదేళ్ల వేళ్లకు మొదటి మెట్టు దగ్గర అంత నొక్కవలసి రావడం మరొక శిక్ష.

నా మాట నమ్మకుండా మీరే పరీక్షించుకునే దారి ఉంది. మాస్టారి దగ్గర కాపో, అంటే తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు, ఉంటుంది. దాన్ని మొదటి మెట్టుకు బిగించి, మళ్లీ శ్రుతి చేసి, అవే కార్డులు వాయించమనండి. కాపో పెట్టినప్పుడు నట్ పనిలోనుంచి తప్పుకుంటుంది. అప్పుడు "సి", "జి" రెండూ కలిసివస్తే దోషం నట్‌దే. మీ పన్నెండో మెట్టు తొమ్మిది లోపే ఉంది గనుక కలిసివస్తాయనే నా అంచనా. పన్నెండో మెట్టు కూడా ఇరవై దాటి ఉంటే కింది కొసన తీగలు ఆనే శాడిల్ దగ్గరో, మెడ దగ్గరో లోపం ఉన్నదని, ఆ గిటారు మీద ఖర్చు పెట్టవద్దనీ చెప్పేవాడిని.

రెండో తీగ 31 సెంట్లు దిగడం చుట్టు లేకపోవడం వల్ల. సన్న తీగకు కడ్డీ మీద నాలుగు చుట్లు, లావు తీగకు రెండు మూడు చుట్లు, ఒకదాని కింద ఒకటి పేర్చినట్టు ఉండాలి. ఎలాగూ ఆ తీగలు పాతవి, సెట్టు మార్చేయండి.

హనుమకొండ_నాన్న

మా పాపకు ఆరేళ్లు. చిన్న చేతులని, చిన్న గిటారులా ఉండే ఉకులేలే కొన్నాము, కేడెన్స్ వారిది. మొదటి వారం రోజులు పొద్దున శ్రుతి చేస్తే సాయంత్రానికి తీగలన్నీ జారిపోయేవి. వాపసు పంపడానికి పెట్టె కూడా కట్టాము, కొరియర్ అబ్బాయి రెండు రోజులు రాలేదు. ఈలోగా పాప ఆగలేక పెట్టె విప్పి వాయిస్తూనే ఉంది, రెండో వారం చివరికి అదే నిలిచిపోయింది. రెండేళ్లయింది, ఇప్పుడు వారానికి ఒకసారి చూసుకుంటే చాలు. నైలాన్ తీగ సాగడం ఆగేదాకా ఓపిక పట్టాలని ఎవరూ ముందుగా చెప్పలేదు.

విశాఖ_ప్రసాదు

అందుకే నైలాన్ వద్దంటాను. పైగా మా సముద్రపు గాలికి నైలాన్ ఇంకా అన్యాయం. పిల్లల కోసం చిన్న క్లాసికల్ గిటారు కొని, దానికి స్టీలు తీగలు వేయించుకుంటే సైజూ కుదురుతుంది, శ్రుతీ నిలుస్తుంది.

తీగలపని (సికింద్రాబాద్)

ప్రసాదు గారూ, ఈ సలహా మాత్రం దయచేసి వెనక్కు తీసుకోండి, ఎవరైనా చదివి చేస్తే గిటారు పోతుంది. ఆరు స్టీలు తీగలు కలిసి, పై పలక మీద తాము కట్టి ఉండే బ్రిడ్జిని 60 నుంచి 70 కిలోల బలంతో లాగుతాయి, నైలాన్ తీగలది 40 కిలోల దగ్గర ఉంటుంది. క్లాసికల్ గిటారు పై పలకను ఆ తక్కువ లాగుడుకే పలచగా చేస్తారు, చాలావాటికి మెడలో ఇనుపకడ్డీ కూడా ఉండదు. స్టీలు వేస్తే కొన్ని వారాల్లో బ్రిడ్జి వెనుక పలక పొట్టలా పొంగుతుంది, తరువాత బ్రిడ్జి జిగురు వదిలి లేస్తుంది. అలా లేచినవి ఏడాదికి రెండు మూడు నా దగ్గరికి వస్తాయి, ప్రతిసారీ "దుకాణంవాళ్లే వేశారండీ" అనే మాటతోనే.

సముద్రపు గాలి మాట నిజమే గాని, దాని దెబ్బ ఎక్కువగా స్టీలు తీగకే తగులుతుంది, తుప్పుపట్టిన తీగ ఎంత శ్రుతి చేసినా సమంగా పలకదు. హనుమకొండ నాన్నగారు చెప్పిన రెండు వారాలు నైలాన్‌కు మామూలే. తీగను మధ్యలో పట్టుకుని పలక మీదనుంచి రెండు అంగుళాలు మెల్లగా పైకి లాగి వదిలి, మళ్లీ శ్రుతి చేస్తూ పోతే ఆ కాలం సగానికి తగ్గుతుంది.

గౌతమీతీరం (రాజమహేంద్రవరం)

కాపో పరీక్ష ఈ రోజు తరగతిలో చేయించాను. కాపో పెట్టి శ్రుతి చేసిన తరువాత "సి", "జి", "ఇ మైనర్" మూడూ వరుసగా వాయించి మాస్టారు నవ్వేశారు. "ఆరు వారాలుగా దీనితో కుస్తీ పడుతున్నానమ్మా" అన్నారు. అయితే నా అసలు ప్రశ్న అలాగే మిగిలింది. ఈ గిటారును బాగుచేయించుకోవాలా, కొత్తది కొనాలా? కొంటే ఏ బ్రాండు?

తీగలపని (సికింద్రాబాద్)

బ్రాండు ముందు కొలత. నట్ నుంచి పన్నెండో మెట్టు దాకా కొలిచి రెండింతలు చేయండి, తీగ పొడవు వస్తుంది. పెట్టె మీద రాసే 38 అంగుళాలు గిటారు మొత్తం పొడవే గాని తీగ పొడవు కాదు. యమహా ఎఫ్310 వంటి పూర్తి సైజు స్టీలు గిటారుకు తీగ పొడవు 634 మిల్లీమీటర్లు. అదే సంస్థ సీఎస్40 అనే చిన్న సైజు నైలాన్ గిటారుకు 580, సీజీఎస్102 అనే సగం సైజుకు 535. మీ వాడి ఎత్తుకు 580 కొంచెం పెద్దదే అయినా మూడు నాలుగేళ్లు వస్తుంది, 535 ఈ రోజుకు చక్కగా కుదిరి రెండేళ్లలో చిన్నదైపోతుంది. కుర్చీలో కూర్చోబెట్టి, మొదటి మెట్టు అందుకున్నప్పుడు ఎడమ మోచేయి ఇంకా వంగి ఉన్నదా, కుడి భుజం చెవి వైపుకు లేస్తున్నదా అని చూడండి. మోచేయి చాచుకుపోయినా, భుజం లేచినా అది వాడి గిటారు కాదు.

ఇక పేర్లు. నేను మరమ్మతు చేసేవాడిని గనుక నా బల్ల మీదికి రాకపోవడమే నా దృష్టిలో మెప్పు. యమహా ఎఫ్310, సీ40, సీఎస్40, కోర్ట్ ఏడీ810 శ్రుతి ఫిర్యాదుతో నా దగ్గరికి అరుదుగా వస్తాయి, వచ్చినా తీగలు మార్చి పంపిస్తాను. వీటి పై పలకలు ప్లైవుడ్ లాగా పొరలు అతికించినవి. నాదం కొంచెం తక్కువైనా, రాజమహేంద్రవరం వానాకాలానికీ ఎండాకాలానికీ మెడ కదిలినంతగా పలక కదలదు. పిల్లల గిటారుకు అదే మేలు. వీటికన్నా తక్కువ ధరలో నేను పేరు చూసి చెప్పలేను. ఒకే పేరుతో, ఒకే రంగుతో వచ్చిన రెండు గిటార్లలో ఒకదాని నట్ బాగుండి రెండోదానిది చెడ్డగా ఉండడం ఎన్నోసార్లు చూశాను. అక్కడ మీరు కొనేది బ్రాండును కాదు, చేతిలో ఉన్న ఆ ఒక్క వస్తువును. అందుకని కొట్టుకు వెళ్లి, యాప్ తీసి, మీరు ఇంట్లో చేసిన మొదటి మెట్టు పరీక్ష అక్కడే చేయండి. పది సెంట్ల లోపు ఉంటే తీసుకోండి.

పాతదాన్ని బాగుచేయించుకోవడం కూడా దండగ కాదు. నట్ గాడులు లోతు చేయడం అరగంట పని. కానీ మామూలు ఆకురాయితో ఎవరినీ రుద్దనివ్వకండి, ఒక్కొక్క తీగ లావుకు తగిన సన్నని ఆకురాళ్లు ఉంటాయి, అవి ఉన్నవారి దగ్గరికే వెళ్లండి. గాడి లోతెక్కువైతే తిరిగి ఎత్తు చేయడానికి నట్టే మార్చాలి.

వీణావాదిని66 (తెనాలి)

గుంటూరు గారూ, 00 చేశాను, కలిసింది. మా మనవరాలి చేత మీకు నమస్కారం పెట్టించాను. గిటారు నట్ గురించి తీగలపని గారు చెప్పినది చదివితే, వీణ మేళం కట్టేటప్పుడు మైనం మీద మెట్లను ఒక్కొక్కటిగా సర్దడం గుర్తుకు వచ్చింది. మనకు మెట్టును కదిపే వీలుంది, వాళ్లకు లేదు, అంతే తేడా.

గౌతమీతీరం (రాజమహేంద్రవరం)

పది రోజుల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. కాకినాడలో ఒకాయన దగ్గర సన్నని ఆకురాళ్లు ఉన్నాయని మాస్టారు చెబితే వెళ్లాము. నట్ గాడులు సరిచేసి, కొత్త తీగలు వేసి 900 రూపాయలు తీసుకున్నారు. ఇంటికి వచ్చి కొలిస్తే మొదటి మెట్టు దగ్గర ఒకటో తీగ 5, రెండో తీగ 6, ఆరో తీగ 8 సెంట్లు ఎక్కువ చూపించాయి. "సి" తరువాత "జి" వాయించి పిల్లవాడు తలెత్తి మా వైపు చూశాడు, ఏమీ అనలేదు గాని మళ్లీ మళ్లీ ఆ రెండే వాయించాడు.

కానీ మోచేయి పరీక్షలో వాడు నెగ్గలేదు. మొదటి మెట్టు అందుకున్నప్పుడు చేయి దాదాపు చాచుకుపోతోంది, పావుగంటకే భుజం నొప్పి అంటున్నాడు. సీఎస్40 కొట్టులో పెట్టి చూశాము, బాగానే అందింది. మా వారు మాత్రం, గిటారు ఇప్పుడు బాగుంది కదా, ఒక ఏడాది ఆగితే వాడే పెరుగుతాడు, ఆ డబ్బుతో వాడిన సీటీ-ఎస్300 దొరికితే చెల్లెలికి కూడా పనికివస్తుంది అంటున్నారు.

గుంటూరు_కీబోర్డు

మీ వారి మాటకే నా ఓటు. వాడినది కొనేటప్పుడు ఒక్కొక్క మీటనూ మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కి చూడండి. మెల్లగా నొక్కినా ఒకటి రెండు మీటలు మాత్రం గట్టిగా అరిస్తే కింద ఉండే రబ్బరు పట్టీ అరిగిందని అర్థం.

తీగలపని (సికింద్రాబాద్)

నేను ఒప్పుకోను. ఏడాది పాటు భుజం ఎత్తి వాయించినవాడికి ఆ తరువాత భుజం దించడం నేర్పడం కష్టం, మీరు టచ్ గురించి చెప్పిన మాటే ఇక్కడా వర్తిస్తుంది గుంటూరు గారూ. కొత్తది కొనే దాకా కనీసం కాపోను రెండో మెట్టుకు బిగించి వాయించనివ్వండి, చేయి అంత దూరం చాచనవసరం ఉండదు. స్వరం ఒక టోన్ పైకి జరుగుతుంది గనుక మాస్టారికి ముందే చెప్పండి.

గౌతమీతీరం (రాజమహేంద్రవరం)

కాపో ఈ రోజే తెస్తాను. సాయంత్రానికి రెండో తీగ మాత్రం ఇంకా ఆరేడు సెంట్లు దిగుతోంది. చుట్లు లెక్కపెట్టాను, నాలుగు ఉన్నాయి. మళ్లీ కాకినాడ వెళ్లాలా?

తీగలపని (సికింద్రాబాద్)

వెళ్లకండి. మధ్యలో పట్టుకుని లాగి, శ్రుతి చేసి, రెండు రోజులు చూడండి. కీ తిప్పేటప్పుడు నట్ దగ్గర టిక్కుమని చప్పుడు వస్తే తీగ గాడిలో ఇరుక్కుంటున్నదన్నమాట. అప్పుడు తీగ వదులు చేసి, మెత్తని పెన్సిలు ముక్కుతో గాడిలో నాలుగుసార్లు గీసి, మళ్లీ బిగించండి.

విశాఖ_ప్రసాదు

అప్పటికీ దిగితే కీ మార్చండి.